కాంక్రీటు ఎస్టిమేట్‌లో 1.54: ఏ పనికి ఈ గుణకం, ఏ పనికి వేరే లెక్క

విశాఖపట్నంలో ఇల్లు కట్టించుకునేవారికి తరచూ ఒక చిక్కు ఎదురవుతుంది. ఒకే గచ్చుకు ఒకరు 76 బస్తాల సిమెంటు చాలునంటారు, మరొకరు 81 అంటారు, ఇంకొకరు 85 రాసిస్తారు. ముగ్గురూ ఒకే కొలతలు తీసుకున్నవారే, ముగ్గురి కూడికలూ సరైనవే. తేడా అంతా పొడి సరుకు పరిమాణానికీ, తయారైన తడి కాంక్రీటు పరిమాణానికీ ఉన్న నిష్పత్తిని ఎవరు ఎంతగా తీసుకున్నారన్న దానిలోనే ఉంది. ఆ నిష్పత్తికి అందరూ వాడే అంకె 1.54. ఆ అంకెను ఎక్కడ వాడాలి, ఎక్కడ మానాలి, దానికి బదులు ఏ లెక్క చేయాలి అన్నవి ఈ వ్యాసంలో ఒకే పనిని పట్టుకుని పోల్చి చూద్దాం.

ఆ పని ఇది: ఇంటి ముందు ఆవరణలో 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం గల కాంక్రీటు గచ్చు, అంటే సరిగ్గా 10 ఘనమీటర్ల పూర్తయిన కాంక్రీటు. ఇందులో ఇనుము లేదు. సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఇనుము లేని కాంక్రీటుకు కూడా భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కనీసం ఎం20 బలపు తరగతి ఉండాలి, నీరు సిమెంటు బరువులో సగానికి మించకూడదు. అందువల్ల సిమెంటు, ఇసుక, కంకర వరుసగా 1:1½:3 పాళ్లున్న మిశ్రమాన్ని, బస్తాకు 25 లీటర్ల నీటిని తీసుకుందాం.

పొడి సరుకు ఎందుకు ఎక్కువ కావాలి

10 లీటర్ల బకెట్‌ను 20 ఎంఎం కంకరతో అంచు దాకా నింపి, ఆపైన నీళ్లు పోసి చూస్తే, ఒక్క రాయి కూడా బయటకు తీయకుండానే సుమారు నాలుగున్నర లీటర్ల నీరు లోపలికి పోతుంది. అంటే మనం 10 లీటర్ల కంకర అని కొన్నదానిలో రాయి అయిదున్నర లీటర్లే, మిగిలినది రాళ్ల మధ్య ఖాళీ. ఇసుకలో ఈ ఖాళీ దాదాపు 40 శాతం, బస్తా సిమెంటులో సగానికి పైగా ఉంటుంది. మూడింటినీ కలిపినప్పుడు కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు, సిమెంటు రేణువుల మధ్యకు నీరు చేరతాయి. పొడి సరుకును విడివిడిగా కొలిచినప్పుడు లెక్కలోకి వచ్చిన గాలి ఇక్కడ బయటకు పోతుంది. ఏ పదార్థమూ కరిగిపోలేదు, కుదించుకుపోలేదు. మనం సరుకుతో పాటు కొలిచిన గాలి మాత్రమే పోయింది.

దీన్ని ఒక బస్తా లెక్కలో చూస్తే స్పష్టంగా ఉంటుంది. సిమెంటు ఘనమీటరుకు 1440 కేజీలు, ఇసుక 1600 కేజీలు, కంకర 1500 కేజీలు తూగుతాయని, వాటి విశిష్ట సాంద్రతలు వరుసగా 3.15, 2.65, 2.70 అని తీసుకున్నాను. అనకాపల్లి వైపు క్రషర్ల కంకరకైనా, నది ఇసుకకైనా ఇవి లెక్క మొదలుపెట్టడానికి పనికివచ్చే అంకెలు. అయితే మీ సరుకును ఒకసారి తూచి చూసుకోవడం మేలు.

| పదార్థం (ఒక బస్తా మిశ్రమం) | బరువు, కేజీలు | కొలత పెట్టెలో, లీటర్లు | కాంక్రీటులో నిజంగా ఆక్రమించేది, లీటర్లు |
|---|---|---|---|
| సిమెంటు | 50 | 34.7 | 15.9 |
| ఇసుక | 83 | 52.1 | 31.4 |
| కంకర | 156 | 104.2 | 57.9 |
| నీరు | 25 | – | 25.0 |
| మిగిలిపోయే గాలి, 2 శాతం | – | – | 2.7 |
| మొత్తం | | 191.0 | 132.9 |

191ని 132.9తో భాగిస్తే 1.44 వస్తుంది, 1.54 కాదు. ఈ తేడా దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే బస్తాల సంఖ్యపై వచ్చే తగాదాలు చాలావరకు ఇక్కడే పుడతాయి. సైట్లలో వాడే ఒక బస్తా మిక్సరును 10/7 అని పిలవడం మీరు వినే ఉంటారు. 10 ఘనపుటడుగుల పొడి సరుకు వేస్తే 7 ఘనపుటడుగుల తడి కాంక్రీటు వస్తుందని ఆ పేరుకు అర్థం. ఆ నిష్పత్తి 1.43. మిక్సరు పేరూ, మన పట్టికా ఒకే మాట చెబుతున్నాయి.

అలాగని 1.54 తప్పుడు అంకె కాదు. ఇసుక, కంకర వదులుగా పడి ఘనమీటరుకు 1500, 1450 కేజీలే తూగితే ఇదే లెక్కలో నిష్పత్తి 1.48కి చేరుతుంది. తట్టల్లో మోస్తున్నప్పుడు ఒలికేది, నేలపై కుప్ప అడుగున మట్టిలో కలిసిపోయేది, మిక్సరు డ్రమ్ములో అంటుకుపోయేది దానికి కలిపితే 1.54 దగ్గరకు వస్తాం. అంటే 1.54 అన్నది ఖాళీల లెక్క ఒక్కటే కాదు. సైటు నష్టాన్ని కూడా ముందే తనలో కలుపుకున్న అంకె. 1.52 అనీ, 1.57 అనీ కూడా కొందరు వాడతారు. అవన్నీ ఇదే అంకెకు కాస్త ఇటూ అటూ.

ఎంచుకునే ముందు చూడవలసినవి

మొదట మీరు సరుకును పెట్టెతో కొలుస్తారా, త్రాసుతో తూస్తారా అన్నది తేల్చుకోవాలి. గుణకం పెట్టె కొలతకే పుట్టింది. తూచే పనిలో దానికి స్థానం లేదు. తరువాత మిశ్రమం ఎం20 దాటిందా లేదా చూడాలి. పాళ్లతో చెప్పే నామమాత్రపు మిశ్రమాలను ఐఎస్ 456 ఎం20 వరకే అనుమతిస్తుంది. మూడవది, ఇసుక తడిగా ఉందా అన్నది. చివరిది, మిగిలిన సరుకు భారం ఎవరిపై పడుతుందన్నది. యజమాని స్వయంగా సిమెంటు కొనే పనిలో అయిదు బస్తాలు మిగిలితే అవి వానకాలపు తేమకు గడ్డకట్టి ఆయనకే నష్టం. మెటీరియల్‌తో సహా గుత్తకు ఇచ్చిన పనిలో ఆ అయిదు బస్తాలు రేటులో దాక్కుంటాయి.

1.54 గుణకం

10 ఘనమీటర్లను 1.54తో గుణిస్తే 15.4 ఘనమీటర్ల పొడి సరుకు. పాళ్ల మొత్తం అయిదున్నర కనుక ఒక పాలు 2.8 ఘనమీటర్లు. సిమెంటు 2.8 ఘనమీటర్లు అంటే 4032 కేజీలు, 81 బస్తాలు. ఇసుక 4.2 ఘనమీటర్లు, అంటే 148 ఘనపుటడుగులు, కంకర 8.4 ఘనమీటర్లు, అంటే 297 ఘనపుటడుగులు.

దీని బలం త్వరగా తేలడం. కాగితం మీద రెండు నిమిషాల పని. పై పట్టిక ప్రకారం చూస్తే ఈ సరుకుతో 10 కాదు, దాదాపు 10.7 ఘనమీటర్ల కాంక్రీటు తయారవుతుంది. అంటే ఏడు శాతం వెసులుబాటు ఇందులోనే ఉంది. అందుకే దీనిపైన మళ్లీ 5 శాతం వేస్టేజి కలిపి 85 బస్తాలు రాయడం ఒకే నష్టాన్ని రెండుసార్లు లెక్కించడం అవుతుంది. మొదట చెప్పిన మూడు అంకెల్లో మూడవది ఇలా పుట్టినదే. 1.54 వాడితే వేస్టేజి గడి ఖాళీగా వదిలేయండి.

దీని బలహీనత ఏమిటంటే, ఏ మిశ్రమానికైనా ఒకే అంకెను అంటగడుతుంది. అదే సరుకుతో 1:3:6 వంటి బీద మిశ్రమానికి బస్తాకు 34 లీటర్ల నీటితో లెక్కిస్తే నిష్పత్తి 1.49 వస్తుంది, 1:1:2 వంటి సిమెంటు ఎక్కువున్న మిశ్రమానికి బస్తాకు 22.5 లీటర్ల నీటితో 1.39కి దిగుతుంది. కారణం సులువు: సిమెంటు పెరిగేకొద్దీ నీరు కూడా పాళ్లలో పెరుగుతుంది. ఆ నీరు పొడి కొలతలో కనిపించదు గానీ తడి కొలతలో చోటు తీసుకుంటుంది. కనుక బీద మిశ్రమాలకు 1.54 కొంచెమే ఎక్కువ, ఘనమైన మిశ్రమాలకు బాగా ఎక్కువ.

అసలు ఘనపరిమాణ లెక్క

ఒక బస్తాకు 132.9 లీటర్లు వస్తాయి కనుక 10 ఘనమీటర్లకు 75.2, అంటే 76 బస్తాలు. ఇసుక 3.92 ఘనమీటర్లు, అంటే 138 ఘనపుటడుగులు, కంకర 7.84 ఘనమీటర్లు, అంటే 277 ఘనపుటడుగులు. ఇందులో ఒలికిపోయేదానికి చోటు లేదు కాబట్టి ఇక్కడ వేస్టేజి విడిగా కలపాలి. 3 శాతం కలిపితే 78 బస్తాలు. నా ఉద్దేశంలో ఈ గచ్చుకు కొనవలసిన సంఖ్య అదే.

దీనికి కావలసింది రెండు కొలతలు: మీ ఇసుక, కంకర పెట్టెలో ఎంత తూగుతున్నాయి, వాటి విశిష్ట సాంద్రత ఎంత. మొదటిది ఎవరైనా ఒక పెట్టె, ఒక త్రాసుతో తెలుసుకోవచ్చు. రెండవది తెలియకపోతే పైన ఇచ్చిన విలువలతో మొదలుపెట్టినా పెద్ద పొరపాటు రాదు, ఎందుకంటే సాధారణ కంకర, ఇసుకల్లో అది పెద్దగా మారదు. మారేది పెట్టె బరువు, దాన్ని మార్చేది తేమ.

శాఖల ప్రామాణిక డేటా

ప్రభుత్వ పనుల ఎస్టిమేట్లు రాసేవారు గుణకం జోలికి పోనవసరం లేదు. అక్కడ ఘనమీటరు కాంక్రీటుకు ఎంత సరుకో ముందే నిర్ణయించి ఉంటుంది. ఉదాహరణకు కేంద్ర ప్రజాపనుల శాఖ రేట్ల విశ్లేషణలో 1:2:4 కాంక్రీటు ఘనమీటరుకు సిమెంటు 320 కేజీలు, ఇసుక 0.445 ఘనమీటరు, కంకర 0.89 ఘనమీటరు. సిమెంటును ఘనపరిమాణంలోకి మార్చి మూడింటినీ కూడితే 1.56 వస్తుంది. గుణకం అందులో ఇమిడిపోయిందన్నమాట.

ఇక్కడ కొత్తగా పనిలో చేరినవారు చేసే ఒక పొరపాటును ప్రత్యేకంగా చెప్పాలి. కొలతల పట్టికలో రాయవలసిన పరిమాణం ఎప్పుడూ పూర్తయిన కాంక్రీటుదే: మన గచ్చుకు 10.00 ఘనమీటర్లు. గుణకం రేటు విశ్లేషణలోనో, మెటీరియల్ పట్టికలోనో ఒక్కసారి మాత్రమే కనిపించాలి. పరిమాణ గడిలో 15.4 రాసి, దానికి ఘనమీటరు రేటు వేస్తే పని విలువ సగానికి పైగా పెరిగిపోతుంది. బిల్లు పరిశీలనలో ఇది పట్టుబడితే మొత్తం ఎస్టిమేట్‌పైనే అనుమానం వస్తుంది.

రెడీమిక్స్, డిజైన్ మిక్స్

రెడీమిక్స్ కాంక్రీటును తడి ఘనమీటర్లలోనే అమ్ముతారు. దానికి ఏ గుణకమూ వర్తించదు. మధురవాడ వైపు ఒక ఇంటి యజమాని 9 మీటర్లు, 12 మీటర్లు కొలతల స్లాబుకు, 12.5 సెంటీమీటర్ల మందానికి, మేస్త్రీ ఇచ్చిన 20.8 ఘనమీటర్ల అంకెతో ఆర్డరు ఇవ్వబోతూ నాకు చూపించారు. ఆ స్లాబు 13.5 ఘనమీటర్లే, మిగిలినదంతా 1.54 చేసిన పని. ఏడు ఘనమీటర్లకు పైగా తయారైన కాంక్రీటు వచ్చి నిలబడి ఉంటే దాన్ని బస్తాల్లా దాచుకోలేము, తిప్పి పంపినా డబ్బు తిరిగి రాదు. అలాంటి స్లాబుకు కొలిచిన పరిమాణంపై పంపు గొట్టంలో నిలిచిపోయేదానికీ, సెంట్రింగ్ ఎక్కడైనా కుంగితే పట్టేదానికీ కొద్ది శాతం కలిపితే చాలు. దూలాలు ఉంటే వాటిని విడిగా కొలిచి చేర్చాలి.

స్లాబుల విషయంలో ఇంకొక మాట. ఇనుము ఉన్న కాంక్రీటుకు, ఉప్పు గాలి నుంచి కొంత మరుగు ఉన్న చోట కనీసం ఎం25, తీరపు వాతావరణానికి తెరిచి ఉన్న చోట కనీసం ఎం30 అని ఐఎస్ 456 చెబుతుంది. ఈ రెండూ పాళ్ల మిశ్రమానికి అందనివి. ఎం25 అంటే 1:1:2 అని చెప్పి 1.54తో లెక్కిస్తే ఘనమీటరుకు 554 కేజీల సిమెంటు వస్తుంది. అదే ప్రమాణం మామూలుగా 450 కేజీలకు మించి సిమెంటు వద్దంటుంది. అంత సిమెంటు వేసిన స్లాబు ఎక్కువ వేడెక్కి, ఎక్కువ కుంచించుకుపోయి, పగుళ్లు పట్టే ప్రమాదం ఉంది. ఐఎస్ 10262 ప్రకారం చేసిన డిజైన్ మిక్స్ ఘనమీటరు తడి కాంక్రీటుకు కావలసిన కేజీలను నేరుగా ఇస్తుంది. ఆ కేజీలను 13.5తో గుణించడమే మీ పని.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే

| | 1.54 గుణకం | అసలు ఘనపరిమాణం | శాఖ డేటా | రెడీమిక్స్ |
|---|---|---|---|---|
| గచ్చుకు సిమెంటు | 81 బస్తాలు | 76, వేస్టేజితో 78 | డేటా ప్రకారం | బస్తాల లెక్క లేదు |
| వేస్టేజి | లోపలే ఉంది | విడిగా కలపాలి | మళ్లీ కలపకూడదు | కొద్ది శాతం |
| ఎం20 దాటితే | పనికిరాదు | పనికివస్తుంది | ఆ మిశ్రమపు డేటా ఉంటేనే | పనికివస్తుంది |
| తడి ఇసుక | గుర్తించదు | గుర్తించేలా చేయవచ్చు | గుర్తించదు | ప్లాంటులో సరిచేస్తారు |

తడి ఇసుక దగ్గర 1.54 ఎలా విఫలమవుతుంది

పట్టికలో ఆఖరి వరుసకే నేను ఎక్కువ బరువు ఇస్తాను. తేమగా ఉన్న ఇసుకలో ప్రతి రేణువు చుట్టూ నీటి పొర ఏర్పడి రేణువులు ఒకదానికొకటి దూరం జరుగుతాయి, ఇసుక ఉబ్బుతుంది. కంకరలో ఇది దాదాపు ఉండదు. పూర్తిగా నీట మునిగిన ఇసుక మళ్లీ అణిగిపోతుంది. విశాఖలో వానకాలంలో లారీలో వచ్చే ఇసుక ఈ మధ్య స్థితిలోనే ఉంటుంది.

ఇసుక 20 శాతం ఉబ్బి ఉందనుకుందాం. మన గచ్చుకు పొడి లెక్కలో 138 ఘనపుటడుగుల ఇసుక కావాలి. అంత ఇసుక రావాలంటే ఉబ్బిన ఇసుక 166 ఘనపుటడుగులు కొనాలి. 1.54 లెక్క చెప్పినది 148. అంటే ఏడు శాతం వెసులుబాటు ఉన్నదనుకున్న లెక్కలో సిమెంటు, కంకర మిగులుతాయి, ఇసుక మాత్రం తక్కువ పడుతుంది. వెసులుబాటు అవసరమైన చోట లేకుండా, అవసరం లేని చోట ఉంది.

కలిపేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. పెట్టెను తడి ఇసుకతో నింపి సరిపెడితే అందులో 52 లీటర్లకు బదులు 43 లీటర్ల పొడి ఇసుకే ఉంటుంది. బస్తాకు వచ్చే కాంక్రీటు 132.9 నుంచి దాదాపు 127.5 లీటర్లకు తగ్గుతుంది. అంతకంటే ముఖ్యమైన నష్టం ఏమిటంటే, ఇసుక తగ్గిన మిశ్రమం గరుకుగా మారి కంకర సందులు నిండవు. తాపీకి లొంగకుండా రాళ్లు పైకి తేలుతుంటే, అంచుల్లో తేనెపట్టులాంటి ఖాళీలు కనిపిస్తుంటే, ముందు ఇసుక తేమను అనుమానించాలి.

ఉబ్బు ఎంతో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. నిలువు గోడల గాజు సీసాలో తడి ఇసుకను వదులుగా 20 సెంటీమీటర్ల ఎత్తు పోసి, మునిగేలా నీళ్లు పోసి, కడ్డీతో కలిపి, అణిగిన తరువాత ఎత్తు చూడాలి. అది 16 సెంటీమీటర్లు ఉంటే 20ని 16తో భాగించగా 1.25, అంటే 25 శాతం ఉబ్బు. ఇసుక పెట్టె ఎత్తును అదే నిష్పత్తిలో పెంచాలి. ఇసుక తనతో తెచ్చిన నీటిని 25 లీటర్ల నుంచి తగ్గించాలి కూడా. 5 శాతం తేమ అంటే బస్తాకు సుమారు నాలుగు లీటర్లు. ఇసుకను టన్నుల్లో కొంటే ఉబ్బు సమస్య తప్పి, తేమ బరువు మాత్రమే తీసివేయవలసి ఉంటుంది.

ఎవరు ఏది వాడాలి

ఇల్లు కట్టించుకునేవారు ఇంకా బేరం దశలో ఉంటే 1.54 చాలు; వేస్టేజి కలపకుండా రాసుకోండి, వానకాలమైతే ఇసుక ఒక్కటీ పెంచుకోండి. సరుకు స్వయంగా కొనే దశకు వచ్చాక అసలు ఘనపరిమాణ లెక్కకు మారండి. చిన్న కాంట్రాక్టరు గుత్త రేటు చెప్పేటప్పుడు 1.54 వాడటంలో తప్పు లేదు, ఎందుకంటే నష్టం ఆయనదే. కాని పని చేయించేటప్పుడు పెట్టెలను సీసా పరీక్షకు సరిపడేలా దిద్దుకోవాలి. శాఖ పనికి శాఖ డేటా తప్ప మరొకటి చెల్లదు. స్లాబు, దూలం, స్తంభం ఏదైనా సముద్రానికి దగ్గరలో పోస్తుంటే డిజైన్ మిక్స్, లేదా రెడీమిక్స్.

ఏ లెక్క ఎంచుకున్నా పని మొదటి గంటలోనే దాన్ని పరీక్షించవచ్చు. మన గచ్చుకు 10 సెంటీమీటర్ల మందంలో ఒక బస్తా 1.33 చదరపు మీటర్లు పరుచుకోవాలి; 1.54 లెక్క ఆశించేది 1.24. పది బస్తాలు పోసి వైబ్రేట్ చేసి చదును చేసిన తరువాత టేపుతో కొలవండి. 13 చదరపు మీటర్ల పైన వస్తే సరుకు బాగుంది, మిగిలిన సిమెంటు ఆర్డరును అప్పుడే తగ్గించుకోవచ్చు. 12కు లోపల వస్తే గుణకాన్ని తిట్టుకునే ముందు నేలను చూడండి. కింద మట్టి చదునుగా లేక మందం 10 సెంటీమీటర్లకు బదులు 11 అయితే ఒక్క దానితోనే కాంక్రీటు పది శాతం పెరుగుతుంది. అది 1.44కీ 1.54కీ మధ్య ఉన్న తేడా కంటే పెద్దది. అందుకే గచ్చుకు దారం కట్టి, మీటరుకొక చోట మందం కొలిచి, పల్లాలు పూడ్చిన తరువాతే బస్తాల లెక్కను ఖరారు చేయాలి.